గేలిక్ పానశుభాకాంక్ష, స్వాగతోక్తులు: పదార్థం, ఆకాంక్ష, తెలుగు అనువాదం

వ్యాస సంగ్రహం

ఐర్లాండ్, స్కాట్లండ్ ప్రాంతాల గేలిక్ భాషలలో పానపాత్ర ఎత్తేటప్పుడు పలికే ‘స్లాంచ’, అతిథిని ఆహ్వానించేటప్పుడు పలికే ‘కేద్ మీల ఫాల్చ’ అనే మాటలు ప్రపంచమంతటా ప్రచారంలో ఉన్నాయి. వీటిని ‘చీర్స్’, ‘స్వాగతం’ అనే మాటలతో సరిపెట్టడం వాడుక. అయితే ఈ రెండు పర్యాయాలూ మూల పదాలు వినేవారికి కోరేదానిని సరిగా చెప్పవు. మొదటి మాట కోరేది సంపూర్ణత్వం. రెండవది అతిథి రాకను గురించి కాక, గృహస్థుని సంతోషాన్ని గురించి మాట్లాడుతుంది. ఈ వ్యాసం ఆ పదాల వ్యుత్పత్తిని, వాటితో కలిసివచ్చే విభక్తి రూపాలను, వాటిని రాయడంలో దొర్లే పొరపాట్లను పరిశీలించి, తెలుగు అనువాదానికి తగిన రూపాలను సూచిస్తుంది.

కీలక పదాలు: గేలిక్ భాషలు, స్లాంచ, ఫాల్చ, ఆశీరర్థకం, విభక్తి, అనువాదం.

1. ఉపోద్ఘాతం

ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాంక్స్ అనే మూడు భాషలు కెల్టిక్ కుటుంబంలోని గేలిక్ శాఖకు చెందినవి. ఈ మూడింటిలోనూ ఆరోగ్యాన్ని కోరుతూ పానపాత్ర ఎత్తడం ఉంది. ఐరిష్‌లో ‘స్లాంచ’ అని ఒక్క మాటతో గాని, ‘స్లాంచ వహ్’ అని విశేషణం చేర్చి గాని పలుకుతారు. స్కాటిష్ గేలిక్‌లో ‘స్లాంచ వా’ అంటారు. మాంక్స్‌లో అదే మాట ‘స్లైంట్ వై’ అవుతుంది. మూడింటికీ ‘మంచి ఆరోగ్యం’ అనేదే అర్థం. ప్రాంతాన్ని బట్టి ఉచ్చారణ మారుతుంది కనుక ఇక్కడి తెలుగు రూపాలను మూలధ్వనికి దగ్గరగా ఉన్న రూపాలుగా గ్రహించాలి.

ఈ మాటల నిర్మాణంలో ముందుగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. వీటిలో క్రియ లేదు. ‘కోరుతున్నాను’ అని చెప్పే ‘నేను’ కూడా లేడు. ఒక నామపదం ఉంటుంది. అవసరమైన చోట అది ఎవరికి చెందాలో తెలిపే విభక్తి రూపం ఉంటుంది. కాబట్టి ఇటువంటి మాట వినేవారికి ఏమి కోరుతున్నదో తెలియాలంటే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ నామపదానికి అర్థమేమిటి? ఆ అర్థాన్ని వినేవారికి సంబంధించి ఎక్కడ నిలిపారు? ఈ వ్యాసంలోని పరిశీలన ఈ రెండు ప్రశ్నల మీదనే సాగుతుంది.

2. ‘స్లాంచ’: రోగం లేకపోవడమా, లోటు లేకపోవడమా?

‘స్లాంచ’ అనేది భావనామం. ‘స్లాన్’ అనే విశేషణానికి ప్రత్యయం చేరి ఏర్పడింది. ‘స్లాన్’ అంటే చెక్కుచెదరనిది, పూర్తిగా ఉన్నది, క్షేమంగా ఉన్నది అని అర్థం. పగలని పాత్రకూ, గాయపడని మనిషికీ, అపాయం లేకుండా ఇల్లు చేరిన బాటసారికీ ఈ విశేషణం చెల్లుతుంది. నేటి ఐరిష్‌లోనూ ఇది సజీవమైన మాటే. కనుక ‘స్లాంచ’ అన్నప్పుడు అందులోని ‘స్లాన్’ ఐరిష్ మాట్లాడేవారికి మరుగుపడిపోలేదు.

ఈ పదానికి సంస్కృతంలో బంధువు ఉంది. ‘సంపూర్ణమైన’ అనే అర్థం గల ఇండో-యూరోపియన్ ధాతువు నుండి లాటిన్‌లో ‘సాల్వుస్’, సంస్కృతంలో ‘సర్వ’, కెల్టిక్ శాఖలో ‘స్లాన్’ ఏర్పడ్డాయని తులనాత్మక భాషాశాస్త్రం చెబుతుంది. అంటే తెలుగులో తత్సమంగా నిత్యం వాడే ‘సర్వం’ ఐరిష్ ‘స్లాన్’కు దూరపు చుట్టం. ఈ ధాతువు నుండి క్షేమాన్ని తెలిపే భావనామాలు తక్కిన శాఖలలోనూ పుట్టాయి. వైదిక భాషలోని ‘సర్వతాతి’కి సంపూర్ణత, క్షేమం అని అర్థం. అవెస్తాలోని ‘హౌర్వతాత్’ సంపూర్ణతకూ ఆరోగ్యానికీ పేరు. లాటిన్ ‘సాలుస్’ ఆరోగ్యం, రక్షణ అనే అర్థాలను ఇస్తుంది. స్పానిష్ వారు పానపాత్ర ఎత్తి పలికే ‘సలూద్’ దాని నుండే వచ్చింది.

ఈ నేపథ్యంలో ‘స్లాంచ’ను ‘ఆరోగ్యం’ అని అనువదించినప్పుడు ఏమి జరుగుతున్నదో చూడాలి. ‘ఆరోగ్యం’ అనే పదం ‘అరోగ’ నుండి పుట్టింది. రోగం లేని స్థితి అని దాని పదార్థం. ఒక చెడును తొలగించి అది మంచిని చెబుతుంది. ‘స్లాంచ’ నిర్మాణంలో అటువంటి నిషేధం లేదు. అది రోగాన్ని తలచదు. మనిషి పూర్ణంగా ఉండాలని నేరుగా కోరుతుంది. ఆంగ్లంలోని ‘హెల్త్’ అనే మాట వేరొక ధాతువు నుండి వచ్చినా, అది కూడా ‘పూర్తి’ అనే అర్థం గల పదం నుండే ఏర్పడింది. కనుక ఆంగ్లం ద్వారా ‘స్లాంచ’ను చేరిన పాఠకునికి ఈ తేడా కనిపించదు. తెలుగులోకి తెచ్చేటప్పుడే అది బయటపడుతుంది.

పదపు విస్తృతి మద్యశాలకు పరిమితమైనది కాదు. ఐర్లాండ్ ప్రభుత్వ ఆరోగ్యశాఖకు ఐరిష్‌లో ‘అన్ రైన్ స్లాంచ’ అని పేరు. ‘స్లాన్’ నుండే ఏర్పడిన ‘స్లానహోర్’ అనే మాట క్రైస్తవ పరిభాషలో రక్షకుణ్ణి తెలుపుతుంది. శరీరం చెడకుండా ఉండటం, ప్రయాణంలో అపాయం కలగకుండా ఉండటం, ఆత్మ రక్షణ పొందడం అనే మూడింటినీ ఒకే పదకుటుంబం భరిస్తోంది. ఆంగ్లంలోని ‘చీర్స్’ ముఖం అనే అర్థం గల పాత ఫ్రెంచి మాట నుండి వచ్చి, ముఖభావం, మనఃస్థితి, ఉల్లాసం అనే మెట్ల మీదుగా నేటి వాడుకకు చేరింది. అది ఆ పూట ఉత్సాహానికి సంబంధించిన మాట. ‘స్లాంచ’ ఆ పూట దాటి మనిషి మొత్తాన్ని ఉద్దేశిస్తుంది. రెండింటినీ ఒకే సందర్భంలో వాడినంత మాత్రాన వాటి ఆకాంక్ష ఒకటి కాదు.

3. ‘ఫాల్చ’: రాకా, సంతోషమా?

‘కేద్ మీల ఫాల్చ’లో ‘కేద్’ అంటే వంద, ‘మీల’ అంటే వేయి. ‘కేద్’ సంస్కృత ‘శతం’, లాటిన్ ‘కెంతుమ్’ పదాలకు సజాతీయం. ‘మీల’ లాటిన్ నుండి అరువు తెచ్చుకున్నది. రెండూ కలిస్తే నూరు వేలు. ఆంగ్లానువాదం దీనిని నూరు వేలుగానే చెప్పవలసి వస్తుంది. తెలుగులో ఆ సంఖ్యకు ‘లక్ష’ అనే ఒక్క మాట ఉంది. లక్ష వత్తులు, లక్ష బిల్వార్చన వంటి ప్రయోగాలలో ఆ మాటకు లెక్కను మించిన సమృద్ధి సూచన కూడా ఉన్నందున అనువాదంలో సంఖ్యకు ఏ లోటూ రాదు.

సంఖ్య అతిశయోక్తి అని వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఐరిష్‌లో ఈ అతిశయోక్తికి మెట్లున్నాయి. ‘ఫాల్చ’ అని ఊరకే అనవచ్చు. ‘ఫాల్చ ఇస్ ఫిహ’ అని, అంటే ‘స్వాగతం, దానిపై ఇరవై’ అని అనవచ్చు. ‘మీల ఫాల్చ’ అని వేయికి పెంచవచ్చు. ‘కేద్ మీల ఫాల్చ’ వీటిలో పై మెట్టు. ఆ మాట పర్యాటక ప్రచారాలలో, దుకాణాల గుమ్మాలపై నిత్యం కనిపిస్తున్నందున అదే సాధారణ రూపమనిపించవచ్చు. రోజువారీ మాటలో మాత్రం ‘ఫాల్చ’ ఒక్కటే చాలు. 2003లో ఏర్పడిన ఐర్లాండ్ జాతీయ పర్యాటకాభివృద్ధి సంస్థ కూడా తన పేరులో ‘ఫాల్చ’ అనే పదాన్నే నిలుపుకుంది.

ఇక అసలు పదం. ‘ఫాల్చ’ ప్రాచీన ఐరిష్‌లో సంతోషం అనే అర్థం ఇచ్చేది. ‘ఫాలిద్’, అంటే ‘ఆనందంగా ఉన్న’, అనే విశేషణం నుండి ఏర్పడిన భావనామం అది. ‘స్లాన్’ నుండి ‘స్లాంచ’ వచ్చిన తీరునే ‘ఫాలిద్’ నుండి ‘ఫాల్చ’ వచ్చింది. సంతోషం అనే అర్థం క్రమంగా సంతోషంతో ఎదురేగడం, ఆదరించడం అనే అర్థంలోకి ఒదిగింది.

ఆంగ్లంలోని ‘వెల్‌కమ్’, సంస్కృతంలోని ‘స్వాగతం’ ఈ దారిలో ఏర్పడినవి కావు. ‘సు’, ‘ఆగతం’ కలిసి ‘స్వాగతం’ అయింది. బాగా వచ్చినది, మంచి రాక అని దాని అర్థం. ‘వెల్‌కమ్’ కూడా రాకను గురించినదే. పాత ఆంగ్లంలో అది ‘కోరుకున్న అతిథి’ని తెలిపి, తరువాత ‘బాగా రావడం’గా అర్థమైంది. ఈ రెండు మాటలూ అతిథి చేసిన పనిని, అంటే రాకను, మెచ్చుకుంటాయి. ‘ఫాల్చ’లో రాక ప్రసక్తి లేదు. అందులో ఉన్నది ఇంటివారి మనఃస్థితి. అతిథి వచ్చాడు అని చెప్పడానికి బదులు, ఇక్కడ సంతోషం ఉంది అని చెబుతుంది. కాబట్టి ‘లక్ష స్వాగతాలు’ అనే అనువాదం సందర్భానికి సరిపోయినా పదార్థానికి సరిపోదు. మూలం చెప్పేది లక్ష సంతోషాలు.

ఈ సంతోషం కేవలం మర్యాద మాట కాదనడానికి చారిత్రక ఆధారాలున్నాయి. ప్రాచీన ఐరిష్ ధర్మశాస్త్ర గ్రంథాలు గృహస్థునికి ఆతిథ్యాన్ని విధిగా చెప్పాయి. వచ్చినవారిని నిరాకరిస్తే పరిహారం చెల్లించవలసిన సందర్భాలున్నాయి. 1351లో విలియం ఓ కెల్లీ అనే ప్రభువు ఐర్లాండ్ కవులను, కళాకారులను క్రిస్మస్ విందుకు పిలిచిన ఘట్టం నుండి ‘ఓ కెల్లీ స్వాగతం’ అనే జాతీయం ఏర్పడి, ఉదారమైన ఆదరణకు నేటికీ పర్యాయంగా నిలిచింది.

4. ఆకాంక్షను ఎక్కడ నిలుపుతారు?

గేలిక్ భాషలలో విభక్త్యర్థక పదాలు సర్వనామంతో కలిసిపోయి ఒకే మాటగా మారతాయి. తెలుగులో ‘నీకు’, ‘నీతో’ అన్నట్లే అక్కడ కూడా పురుషనూ సంబంధాన్నీ ఒకే మాట తెలుపుతుంది. ఒక ఐరిష్ ఇంటికి ఒంటరిగా వచ్చిన అతిథి సందర్భాన్ని ఊహించి, మొదటి పలకరింపు నుండి వీడ్కోలు వరకు ఈ రూపాలు ఎలా మారతాయో చూడవచ్చు.

అతిథి గుమ్మంలో ‘జియ దిచ్’ అంటాడు. పదార్థం ‘దేవుడు నీకు’. ‘దేవుడు నిన్ను ఆశీర్వదించుగాక’ అనే పూర్తి వాక్యం అరిగి ఈ రెండు మాటలు మిగిలాయి. ఇంటివారు దేవునితో పాటు మేరీమాత పేరును కూడా చేర్చి బదులు చెబుతారు. అందుకున్న ఆకాంక్షను కొంత పెంచి తిరిగి ఇవ్వడం ఇక్కడి మర్యాద.

తరువాత ఇంటివారు ‘కేద్ మీల ఫాల్చ రోవత్’ అంటారు. ‘రోవత్’ అంటే ‘నీ ముందు’. తెలుగులోని ‘ముందు’ వలెనే దీనికి మూలమైన విభక్తి పదం స్థలాన్నీ కాలాన్నీ తెలుపుతుంది. అతిథి ఎదుట సంతోషం ఉందన్నది ఒక అర్థం. అతిథి రాకకు ముందే అది అక్కడ ఉందన్నది రెండవ ఛాయ. తెలుగు పెళ్లిళ్లలో మగపెళ్లివారిని ఆహ్వానించే ‘ఎదుర్కోలు’ అనే మాటలోని ‘ఎదురు’ ఈ భావానికి మిక్కిలి దగ్గరగా ఉంది. స్వాగతం అతిథి మీద పడే మాట కాదు, అతనికి ఎదురుగా నిలిచే మాట.

అతిథి కృతజ్ఞతగా ‘గొ రెవ్ మహ్ అగత్’ అంటాడు. ఇక్కడ క్రియ ఉంది. ‘గొ రెవ్’ అంటే ‘ఉండుగాక’. తెలుగు వ్యాకరణం ఆశీరర్థకం అనే రూపానికి ఇది సమానం. ‘మహ్’ అంటే మేలు. ‘అగత్’ అంటే ‘నీ దగ్గర’. గేలిక్ భాషలలో ‘కలిగి ఉండు’ అనే క్రియ లేదు. ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అన్నట్లే చెప్పాలి. ఆంగ్లం మాట్లాడేవారికి వింతగా తోచే ఈ నిర్మాణం తెలుగువారికి సహజం. కాబట్టి ఐరిష్ కృతజ్ఞతకు పదార్థం ‘నీ దగ్గర మేలు ఉండుగాక’. అది రుణాన్ని ఒప్పుకునే మాట కాదు. ఎదుటివారిని దీవించే మాట.

పాత్ర చేతికి వచ్చాక ఇంటివారు ‘స్లాంచ వహ్’ అంటారు. అతిథి ‘స్లాంచ అగత్స’ అని బదులిస్తాడు. ‘అగత్’కు చివర చేరిన ‘స’ నొక్కిచెప్పే ప్రత్యయం. ‘నీ దగ్గర కూడా’ అనే తెలుగు వాక్యంలో ‘కూడా’ చేసే పనిని ఇక్కడ ఆ ప్రత్యయం చేస్తుంది. మొదటి మాటలో ఆకాంక్ష ఎవరికో చెప్పలేదు. బదులులో అది ఒకరి దగ్గర నిలిచింది.

వీడ్కోలులో ఈ సూక్ష్మత మరింత స్పష్టం. వెళ్లేవారితో ఇంట ఉండేవారు ‘స్లాన్ ల్యత్’ అంటారు, అంటే ‘క్షేమం నీతో’. ఉండేవారితో వెళ్లేవారు ‘స్లాన్ అగత్’ అంటారు, అంటే ‘క్షేమం నీ దగ్గర’. కదిలేవారితో క్షేమం కదలాలి, నిలిచేవారి దగ్గర అది నిలవాలి. నామపదం మారలేదు. విభక్తి మాత్రమే మారి ఆకాంక్షకు దిశనిచ్చింది. ఇంటికి చేరవలసినవారికి ‘స్లాన్ అవల్య’, అంటే ‘క్షేమంగా ఇంటికి’ అనడమూ ఉంది. ‘క్షేమంగా వెళ్లి లాభంగా రండి’ అనే తెలుగు వీడ్కోలు ప్రయాణం పొడవునా క్షేమాన్ని కోరుతుంది. ఐరిష్ వీడ్కోలు ఆ క్షేమాన్ని ఇద్దరికీ పంచి, ఎవరి వాటాకు వారి విభక్తిని ఇస్తుంది.

5. పొరపాట్లు, వాటిని గుర్తించే తీరు

ఈ మాటలు ఎక్కువగా అచ్చులో, ఫలకాలపై, బహుమతి వస్తువులపై దర్శనమిస్తాయి. వాటిలో మూడు పొరపాట్లు తరచుగా కనిపిస్తాయి.

మొదటిది దీర్ఘచిహ్నం వదిలివేయడం. ఐరిష్ లిపిలో అచ్చుపై వాలుగా గీసే గీత దీర్ఘాన్ని సూచిస్తుంది. స్కాటిష్ గేలిక్‌లో ఆ గీత ఎదురువైపుకు వాలుతుంది. గీతతో రాస్తే ‘కేద్’, అంటే వంద. గీత లేకుండా రాస్తే ‘క్యద్’, అంటే అనుమతి. ఆ ఒక్క గీత పోతే ‘నూరు వేల స్వాగతాలు’ అర్థం లేని మాటల కూర్పుగా మిగులుతుంది. ‘కల’, ‘కాల’ మధ్య తేడా తెలిసిన తెలుగు పాఠకునికి దీర్ఘం అలంకారం కాదని వేరే చెప్పనక్కరలేదు. ఆ పదంలోని మొదటి అక్షరాన్ని ఆంగ్ల పద్ధతిలో ‘స’గా చదవడం కూడా ఇటువంటిదే. గేలిక్ భాషలలో ఆ అక్షరానికి ‘క’కార ధ్వనే ఉంటుంది.

రెండవది ఆది హల్లు మార్పును విస్మరించడం. ‘మహ్’ అనే విశేషణం ‘స్లాంచ’ తరువాత వచ్చినప్పుడు ‘వహ్’ అవుతుంది. ‘స్లాంచ’ స్త్రీలింగ నామం కావడమే కారణం. స్త్రీలింగ ఏకవచన నామం తరువాతి విశేషణంలో మొదటి హల్లు మెత్తబడుతుంది. కృతజ్ఞతా వాక్యంలో ‘మహ్’ నామపదం కనుక మారలేదు. తెలుగులో ‘కూర’, ‘కాయ’ కలిసి ‘కూరగాయ’ అయినప్పుడు, ‘తల్లి’, ‘తండ్రి’ కలిసి ‘తల్లిదండ్రులు’ అయినప్పుడు జరిగే గసడదవాదేశం పైకి ఇటువంటిదే. అయితే తెలుగులో అది సంధికార్యం. గేలిక్‌లో అది లింగాన్ని, వ్యాకరణ సంబంధాన్ని తెలిపే గుర్తు. ‘స్లాంచ మహ్’ అని రాసి ఉంటే, ఆ రాసినవారు నిఘంటువులోని మాటలను ఒకదాని పక్కన ఒకటి పేర్చారని తెలుసుకోవచ్చు.

మూడవది వచనం. ‘రోవత్’ ఒక్కరికి, ‘రోవివ్’ పలువురికి. స్కాటిష్ గేలిక్‌లో బహువచనం గౌరవార్థంలోనూ వాడుకలో ఉంది. అక్కడ పెద్దవారొక్కరినీ ‘మీరు’ అన్నట్లే సంబోధిస్తారు. ఐరిష్‌లో ఆ గౌరవ భేదం లేదు. పెద్దలకైనా పిల్లలకైనా ఒక్కరైతే ఏకవచనమే. కాబట్టి ఐరిష్ ఏకవచనాన్ని యాంత్రికంగా ‘నీ’ అని అనువదిస్తే మూలంలో లేని చనువు గాని చులకన గాని తెలుగులో వచ్చి చేరుతుంది. సందర్భాన్ని బట్టి ‘మీ’ అనడమే అక్కడ మూలానుసరణం.

6. తెలుగు రూపాల నిర్ణయం

పై చర్చను బట్టి ‘స్లాంచ’కు మూడు తెలుగు మాటలను పరిశీలించవచ్చు. ‘ఆరోగ్యం’ సుబోధం, కాని నిషేధార్థకం. ‘స్వస్థత’, అంటే తనలో తాను నిలకడగా ఉండటం, నిషేధం లేని మాటే గాని, నేటి వాడుకలో అది జబ్బు నుండి కోలుకోవడాన్ని తెలుపుతోంది. ‘క్షేమం’ శరీరానికీ ప్రయాణానికీ జీవితానికీ చెల్లుతుంది. ‘స్లాన్’తో ఏర్పడిన వీడ్కోళ్లకు కూడా అదే సరిపోతుంది. కనుక ఒక రచనలో పానశుభాకాంక్ష, వీడ్కోలు రెండూ ఉన్నప్పుడు ‘క్షేమం’ అనే మాటను రెండు చోట్లా వాడితే మూలంలోని పదబంధుత్వం నిలుస్తుంది. ‘మంచి ఆరోగ్యం’, ‘వీడ్కోలు’ అని వేరువేరుగా అనువదిస్తే ఆ బంధుత్వం తెగిపోతుంది.

‘ఫాల్చ’ విషయంలో ‘స్వాగతం’ను పూర్తిగా తోసిపుచ్చడం సాధ్యం కాదు. నేటి ఐరిష్‌లో ‘ఫాల్చ’కు ప్రధానార్థం స్వాగతమే. సంతోషం అనేది దాని చరిత్రలోని అర్థం. ‘స్లాంచ’లో ‘స్లాన్’ కనిపించినంత తేటగా ‘ఫాల్చ’లో సంతోషం నేటివారికి కనిపించదు. కాబట్టి నేటి సంభాషణను అనువదించేటప్పుడు ‘లక్ష స్వాగతాలు’ అనడం తప్పు కాదు. ప్రాచీన పాఠాలను అనువదించేటప్పుడు, పదార్థాన్ని వివరించేటప్పుడు మాత్రం ‘మీ ఎదుట లక్ష సంతోషాలు’ అనే రూపమే మూలంలోని రెండు విశేషాలనూ, అంటే సంతోషాన్నీ దాని స్థానాన్నీ, నిలబెడుతుంది.

7. ముగింపు

‘స్లాంచ’, ‘ఫాల్చ’ పదాలు ఒకే తీరున ఏర్పడిన భావనామాలు. ఒకటి వినేవారు పూర్ణంగా ఉండాలని కోరుతుంది. మరొకటి వారి రాకతో కలిగే సంతోషాన్ని వారి ఎదుట ఉంచుతుంది. క్రియ లేని ఈ పలుకులలో ఆకాంక్షకు దిశను ఇచ్చేది విభక్తి: ‘నీకు’, ‘నీ ముందు’, ‘నీ దగ్గర’, ‘నీతో’. తెలుగు కూడా ఇటువంటి సంబంధాలను విభక్తులతోనే చెప్పే భాష కనుక ఆంగ్లంలో మరుగైన ఈ భేదాలను తెలుగులో నిలుపుకోవడం సాధ్యమే. అందుకు అనువాదకుడు ఆంగ్ల పర్యాయాన్ని కాక మూలపదాన్ని, దానితో వచ్చిన విభక్తిని చూడాలి. ‘స్లాన్ ల్యత్’, ‘స్లాన్ అగత్’ రెండింటికీ ‘వీడ్కోలు’ అని ఒకే మాట రాసిన పుటలో, ఎవరు వెళ్లారో ఎవరు ఉండిపోయారో పాఠకునికి తెలియకుండా పోతుంది.